కారు మీది, బ్యాటరీ ఎవరిది?

2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ విండ్సర్ అనే విద్యుత్ కారును మార్కెట్లోకి తెస్తూ 9.99 లక్షల ధర ప్రకటించింది. ఆ సైజు కారు, అదీ బ్యాటరీతో నడిచేది, పది లక్షల లోపే అనేసరికి చాలామంది మళ్లీ మళ్లీ చూసుకున్నారు. అసలు సంగతి ఆ అంకె పక్కనే ఉంది: బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అదనం. బ్యాటరీతో సహా కొంటే ఎంతో మాత్రం కంపెనీ ఆ రోజు చెప్పలేదు. కొన్నాళ్లకు చెప్పింది, 13.50 లక్షలని. రెండూ షోరూం ధరలే. ఆ తర్వాత ధరలు కొంత మారాయి కానీ, ఈ పథకం బాగోగులు అర్థం కావడానికి మొదటి రోజుల అంకెలే సులువు. అందుకని వాటితోనే లెక్క వేద్దాం.

ముందు ఈ ఏర్పాటుకు దారి ఎలా పడిందో చూడాలి. విద్యుత్ వాహనం ఖరీదులో 30 నుంచి 40 శాతం బ్యాటరీదే. దాన్ని ధరలోంచి తప్పిస్తే బండి చవకగా కనిపిస్తుంది. 2020 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ, బ్యాటరీ లేకుండానే విద్యుత్ వాహనాలను అమ్మవచ్చు, రిజిస్టర్ చేయవచ్చు అని రాష్ట్రాలకు రాసింది. అప్పట్లో అందరి దృష్టీ బ్యాటరీ మార్చుకునే స్కూటర్లు, ఆటోల మీద ఉంది. ఖాళీ అయిన బ్యాటరీ ఇచ్చి నిండినది తీసుకుని రెండు నిమిషాల్లో బయల్దేరే పద్ధతిలో బ్యాటరీ నాది, నీది అన్న ప్రశ్నే రాదు; ఈ పూట నా బండిలో ఉన్నది రేపు ఇంకొకరి బండిలో ఉంటుంది. కానీ విండ్సర్‌లో బ్యాటరీ కారు అడుగున బిగించి ఉంటుంది. అది ఎక్కడికీ పోదు, దాన్ని ఎవరూ మార్చరు. కొన్నవాడి కారులో ఉన్నదీ, అద్దెకు తీసుకున్నవాడి కారులో ఉన్నదీ ఒకే బ్యాటరీ. తేడా అంతా కాగితాల మీదే.

కాబట్టి దీన్ని అద్దె అనడం కంటే, బ్యాటరీ కోసం తీసుకున్న రెండో అప్పు అనుకోవడం నిజానికి దగ్గర. కారు అప్పు ఒకటి, బ్యాటరీ అప్పు ఒకటి. మొదటిదాని వాయిదా నెలనెలా ఒకేలా ఉంటుంది, రెండోదాని వాయిదా మీరు తిరిగిన దూరాన్ని బట్టి మారుతుంది. అందుకే ఈ పథకంలో మీ ఎదుట కూర్చునేది కార్ల కంపెనీ కాదు, ఫైనాన్స్ కంపెనీ. విండ్సర్‌కు బజాజ్ ఫైనాన్స్, హీరో ఫిన్‌కార్ప్, విద్యుత్ వంటి సంస్థలు ఈ పని చేశాయి.

ఇక లెక్క. రెండు ధరల మధ్య తేడా 3.51 లక్షలు. దాన్ని కిలోమీటరుకు మూడున్నర చొప్పున తీర్చాలంటే సుమారు లక్ష కిలోమీటర్లు నడపాలి. షోరూంలో ఎవరైనా కాగితం మీద గీసి చూపించే లెక్క ఇదే: లక్ష లోపు తిరిగేవాళ్లకు అద్దె లాభం, దాటితే కొనుగోలు లాభం. ఇందులో తప్పు లేదు గానీ రెండు విషయాలు తగ్గాయి. ఒకటి వడ్డీ, రెండోది కనీస దూరం.

వడ్డీ సంగతి ముందు. ఉప్పల్‌లో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం ఉన్న మనిషిని తీసుకుందాం. రానూపోనూ 55, 60 కిలోమీటర్లు. ఆదివారం తిరుగుళ్లు కలిపితే నెలకు 1,500 అవుతుంది. బ్యాటరీ అద్దె నెలకు 5,250 రూపాయలు. అదే మనిషి అద్దె వద్దనుకుని ఆ 3.51 లక్షలు కూడా బ్యాంకులో అప్పు చేశాడనుకోండి. తొమ్మిది శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అయితే వాయిదా దాదాపు 7,290 పడుతుంది. అంటే అద్దెదారుకు నెలకు రెండు వేలు మిగులుతున్నాయి. అయిదేళ్లు గడిచాక కొన్నవాడు మొత్తం 4.37 లక్షలు కట్టి ఊపిరి పీల్చుకుంటాడు. అద్దెదారు అప్పటికి 3.15 లక్షలే కట్టి ఉంటాడు, కాకపోతే అతని మీటరు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇద్దరి ఖర్చూ సమానమయ్యేది దాదాపు ఏడో ఏట, కారు లక్షా పాతిక వేల కిలోమీటర్లకు దగ్గరపడినప్పుడు.

అప్పు అక్కర్లేదు, చేతిలో డబ్బుంది అనేవాళ్లకూ జవాబు పెద్దగా మారదు. ఆ 3.51 లక్షలు ఏడు శాతం డిపాజిట్లో వేసి, అందులోంచే నెలకు 5,250 తీసి అద్దె కడుతూ పోతే, పన్ను సంగతి పక్కన పెడితే, డబ్బు అయిపోవడానికి ఏడేళ్లు పడుతుంది. కాబట్టి నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగి, కారును ఆరేడేళ్లలో మార్చేసే మనిషికి ఈ అద్దె అన్యాయమేమీ కాదు. పదేళ్లు వాడే అలవాటున్న ఇంట్లో మాత్రం చివరి మూడేళ్ల అద్దె పూర్తిగా అదనపు ఖర్చు.

రెండో విషయం చాలామందిని దెబ్బతీసేది. ఈ పథకాల్లో సాధారణంగా ఒక కనీస దూరం ఉంటుంది. విండ్సర్ విషయంలో మొదట్లో ప్రచారంలోకి వచ్చిన అంకె నెలకు 1,500 కిలోమీటర్లు. అంతకు తక్కువ తిరిగినా అంతకే కట్టాలి. రాజమండ్రిలో ఉంటూ కూరగాయలకు, గుడికి, అప్పుడప్పుడు కాకినాడలో కూతురి ఇంటికి మాత్రమే కారు తీసే రిటైర్డ్ ఉద్యోగి నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతాడు. కారు బయటకు తీసినా తీయకపోయినా 5,250 కట్టాలంటే అతనికి కిలోమీటరు పదిన్నర రూపాయలకు పడింది. పెట్రోలు కారైనా అంత తినదు. ‘తక్కువ తిరిగేవాళ్లకు అద్దె మేలు’ అన్న మాట కనీస దూరం లేనప్పుడే నిజం. ఆ నిబంధన ఉన్న చోట తక్కువ తిరిగేవాడే అందరికంటే ఎక్కువ నష్టపోతాడు.

ఎక్కువ తిరిగేవాడి సంగతి ఇంకో దిక్కు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ట్రిప్పులు కొట్టే క్యాబ్ డ్రైవరు నెలకు 4,000 కిలోమీటర్లు నడిపితే అద్దె 14,000. బ్యాంకు అప్పు చేసి ఉంటే వాయిదా 7,290తో పోయేది. రెండేళ్ల ఏడు నెలలకే అతను బ్యాటరీ ఖరీదు, దాని మీద వడ్డీ కలిపి కట్టేసి ఉంటాడు, కారు జీవితం ఇంకా చాలా మిగిలే ఉంటుంది. ఒప్పందంలో నిర్ణీత మొత్తం తీరగానే బ్యాటరీ అతని పేరుకు వస్తే సరే. రాకపోతే ఆ తర్వాత తిరిగే ప్రతి కిలోమీటరుకూ తన సంపాదనలోంచి మూడున్నర తీసి ఇస్తున్నట్టే.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. విద్యుత్ కారు కిలోమీటరుకు రూపాయో, రూపాయిన్నరో అవుతుందని అందరూ అంటుంటారు. విండ్సర్ బ్యాటరీ 38 యూనిట్లది. మన రోడ్ల మీద ఏసీ వేసుకుని 260 కిలోమీటర్లు వస్తుందనుకుని, చార్జింగులో పోయే విద్యుత్తునూ కలిపి, ఇంట్లో యూనిట్ తొమ్మిది రూపాయల చొప్పున చూస్తే కిలోమీటరుకు రూపాయిన్నర దగ్గరే వస్తుంది. బ్యాటరీ కొన్నవాడి విషయంలో అది నిజమే. అద్దెదారు దానికి మూడున్నర కలుపుకోవాలి, అంటే అయిదు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు, లీటరు 107 రూపాయల చొప్పున, ఏడు దాటుతుంది. పెట్రోలు మానేసినందుకు మిగిలే అయిదున్నర రూపాయల్లో అద్దె మూడున్నర పట్టుకుపోతోంది. బయట చార్జింగ్ కేంద్రాల్లో యూనిట్ ఇరవై రూపాయలకు పైన కొనేవాళ్లకు ఆ కాస్త మిగులూ ఉండదు.

మరి అద్దెలో ఉన్న అసలు మేలేమిటి? అమ్మేవాళ్లు చెప్పే మొదటి మాట, బ్యాటరీ పాడైతే బాధ మీది కాదని. ఈ మాటను కాస్త విప్పి చూడాలి, ఎందుకంటే చాలామందిని ఒప్పించేది ఇదే.

సెల్‌ఫోను బ్యాటరీ రెండేళ్లకు నీరసించడం చూసిన వాళ్లం కాబట్టి కారు బ్యాటరీ కూడా అలాగే చస్తుందని భయం. విండ్సర్‌లో వాడింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, ఎల్ఎఫ్‌పీ అంటారు. ఇది వేల సార్లు నింపి ఖాళీ చేసినా నిలిచే రకం. లక్ష కిలోమీటర్లు నడపడమంటే 260 చొప్పున చూస్తే పూర్తిగా నింపి ఖాళీ చేయడం నాలుగు వందల సార్ల లోపే. అద్దె, కొనుగోలు సమానమయ్యే నాటికి బ్యాటరీ తన ఆయుష్షులో చిన్న భాగమే ఖర్చు పెట్టి ఉంటుంది. ఎండలు, ఏళ్లు గడవడం వల్ల వచ్చే తరుగుదల వేరే ఉంది. రామగుండం ఎండలో రోజంతా నిలబెట్టే కారుకు అది కాస్త ఎక్కువే. అయినా దానికి వారంటీ ఉంది. మన దేశంలో అమ్మే చాలా విద్యుత్ కార్లకు బ్యాటరీ మీద ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ మామూలైపోయింది. విండ్సర్‌కు ఎంజీ ఒక అడుగు ముందుకు వేసి, మొదటి యజమానికి జీవితకాల వారంటీ అంది. ఆ వారంటీ కొన్నవాడికీ ఉంది. అంటే బ్యాటరీ పాడవుతుందేమోనన్న భయానికి కొన్నవాడికి ఇప్పటికే మందు ఉంది. దాని కోసం అద్దె కట్టనక్కర్లేదు.

స్కూటర్లలో లెక్క కొంచెం వేరు. హీరో కంపెనీ 2025 జులైలో వీడా వీఎక్స్2 గో స్కూటరును బ్యాటరీతో 99,490కి, బ్యాటరీ లేకుండా 59,490కి పెట్టింది. అద్దె కిలోమీటరుకు 96 పైసలు. తేడా 40,000, కాబట్టి వడ్డీ వదిలేస్తే సుమారు 41,700 కిలోమీటర్ల దగ్గర రెండూ సమానం. నెలకు వెయ్యి తిరిగే కుర్రాడికి అది మూడున్నరేళ్లు. అద్దె పథకంలో ఉన్నంతకాలం బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే పడిపోతే మార్చి ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. స్కూటర్ బ్యాటరీ చిన్నది, తరచుగా నింపాల్సి వస్తుంది, అందుకే కారుతో పోలిస్తే త్వరగా అలసిపోతుంది. ఇక్కడ ఆ మాటకు కొంత విలువ ఉంది. పైగా స్కూటరు కొనేవాళ్లలో నలభై వేలు ఒకేసారి తీయలేని వాళ్లే ఎక్కువ. టూవీలరు అప్పుకు వడ్డీ కూడా కారు అప్పు కంటే ఎక్కువే పడుతుంది.

అద్దె అసలు మేలు అదే: మొదట్లో తక్కువ డబ్బు. డౌన్ పేమెంట్ తగ్గుతుంది, కారు అప్పు చిన్నదవుతుంది. దానికి ఒక విలువ ఉంది, కాదనలేం. దాన్ని ఆ పేరుతో పిలిస్తే చాలు, బ్యాటరీ రక్షణ అని పిలవనక్కర్లేదు.

దానికి బదులుగా అద్దెదారు వదులుకునేది ఏమిటో యూరప్‌లో ఇప్పటికే తేలింది. రెనో కంపెనీ జోయి అనే చిన్న విద్యుత్ కారును 2012, 2013 ప్రాంతంలో బ్యాటరీ అద్దె పద్ధతిలోనే అమ్మడం మొదలుపెట్టింది. కారు కొనుక్కోవాలి, బ్యాటరీకి మాత్రం రెనో సొంత బ్యాంకుకు నెలనెలా, తిరిగే దూరాన్ని బట్టి అద్దె కట్టాలి. అప్పట్లో అది సబబే. బ్యాటరీలు చాలా ఖరీదు, ఎంతకాలం నిలుస్తాయో ఎవరికీ తెలియదు. చిక్కు కారు చేతులు మారేటప్పుడు వచ్చింది. పాత జోయి కొనేవాడు కారు డబ్బు ఇచ్చి తాళం తీసుకుంటే సరిపోదు. బ్యాంకుతో తన పేరున కొత్త ఒప్పందం రాసుకోవాలి, తనూ నెలనెలా కట్టాలి. పదేళ్ల పాత కారుకు జీవితాంతం అద్దె ఎందుకని జనం వెనక్కి తగ్గారు. ఒకే మోడల్, ఒకే ఏడాది కార్లలో బ్యాటరీ సొంతమైనదానికి ఒక ధర, అద్దెదానికి అంతకంటే బాగా తక్కువ ధర ఏర్పడ్డాయి. ఇల్లు మనదీ, దాని కింద స్థలం వేరొకరిదీ అయితే ఆ ఇంటిని అమ్మబోయేవాడికి ఎదురయ్యే ఇబ్బందే ఇదీ. చివరికి రెనో కొత్త జోయిలకు ఆ పద్ధతి మానేసింది. వియత్నాంలో విన్‌ఫాస్ట్ కూడా బ్యాటరీ అద్దె పథకాన్ని ఏళ్ల తరబడి నడిపి, 2025 మార్చి నుంచి కొత్త బళ్లకు ఎత్తేసింది.

జోయి కథలో ఇంకో మలుపు జర్మనీ కోర్టుకెక్కింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది: అద్దె ఒప్పందం రద్దయితే బ్యాంకు దూరం నుంచే బ్యాటరీ మళ్లీ చార్జి కాకుండా ఆపేయవచ్చు. మనిషి రావడం, కారు పట్టుకుపోవడం ఏమీ అక్కర్లేదు. ప్లగ్గు పెట్టినా కరెంటు ఎక్కదు. సాక్సనీ రాష్ట్రంలోని వినియోగదారుల సంఘం దీని మీద దావా వేసింది. 2022 అక్టోబరు 26న జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఆ షరతు చెల్లదని తీర్పు ఇచ్చింది. కోర్టు పట్టించుకున్న విషయం సూటిగా ఉంది. బ్యాటరీ ఆగితే బ్యాంకు సొత్తు మాత్రమే ఆగదు, వినియోగదారుడు వేరే డబ్బు పోసి కొన్న కారు మొత్తం పనికిరాకుండా పోతుంది. పైగా రద్దు సరైనదా కాదా అన్న తగాదా తేలకముందే బ్యాంకు పని ముగించుకుంటుంది, కోర్టుకు వెళ్లే భారమేమో వాడుకునేవాడి మీద పడుతుంది.

ఈ తీర్పు మన కోర్టులను కట్టేయదు. కానీ మన దగ్గరి బ్యాటరీలు కూడా ఇంటర్నెట్‌కు అనుసంధానమైనవే. కిలోమీటర్లు లెక్కపెట్టే పద్ధతే అది. అద్దెకిచ్చే ఆటో, రిక్షా బ్యాటరీలను బకాయి పడితే దూరం నుంచి ఆపేయడం మన దగ్గర కొత్త సంగతి కాదు. కాబట్టి ఒప్పందంలో ‘రిమోట్’, ‘డిసేబుల్’, ‘ఇమ్మొబిలైజ్’ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకాలి. ఎన్ని రోజుల నోటీసు తర్వాత ఆపుతారు, కిలోమీటర్ల లెక్క మీద తగాదా ఉన్నప్పుడు కూడా ఆపుతారా అన్నది సంతకానికి ముందే తేలాలి.

పూర్తిగా సబ్‌స్క్రిప్షనే సరైన చోటు కూడా ఒకటుంది: బ్యాటరీ మార్పిడి. రోజూ సంపాదనకు తిరిగే ఆటో డ్రైవరు చార్జింగ్ కోసం మూడు గంటలు నిలబడితే ఆ మూడు గంటల కిరాయి పోతుంది. అతను కొంటున్నది బ్యాటరీని కాదు, ఆ మూడు గంటలను. హైదరాబాద్‌లో మొదలైన రేస్ ఎనర్జీ ఆటోలకు ఈ పద్ధతినే తెచ్చింది. ఇక్కడ కిలోమీటరు లెక్కతో పోల్చడం కుదరదు. తను రోజూ తిరిగే దారిలో మార్పిడి కేంద్రాలు ఎన్ని ఉన్నాయి, సాయంత్రం రద్దీలో నిండిన బ్యాటరీ దొరుకుతుందా అన్నదే ప్రశ్న. కేంద్రం మూతపడితే బండి కూడా ఆగుతుంది. ఇజ్రాయెల్‌లో బెటర్ ప్లేస్ అనే సంస్థ బ్యాటరీ మార్పిడి స్టేషన్లు కట్టి, రెనో ఫ్లూయెన్స్ కార్లు అమ్మి, 2013 మేలో దివాలా తీసినప్పుడు ఆ కార్లు కొన్నవాళ్లకు కారు ఉంది, దాన్ని నడిపించే ఏర్పాటు లేదు.

ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే కారు కొనేవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తే, షోరూంలో అద్దె పథకం కాగితం చేతికిచ్చినప్పుడు కిలోమీటరు రేటు కంటే ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి. కనీస దూరం ఎంత, అది నెలకా ఏడాదికా? ఏడాది మీద లెక్కిస్తే వేసవి సెలవుల్లో ఎక్కువ తిరిగి, వానల్లో తక్కువ తిరిగేవాళ్లకు చాలా ఊరట. రేటులో జీఎస్టీ కలిసి ఉందా? రేటు ఏటా పెరుగుతుందా? బీమా వాళ్లు కారు విలువ కట్టేటప్పుడు బ్యాటరీని కలుపుతున్నారా? కలపకపోతే పెద్ద ప్రమాదం తర్వాత కారు డబ్బు మీకొస్తుంది, బ్యాటరీ బాకీ మీ నెత్తిన మిగులుతుంది. ఒప్పందానికి గడువుందా, గడువు తీరాక బ్యాటరీ ఎవరి పేరున ఉంటుంది?

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇది: నాలుగేళ్ల తర్వాత, 48వ నెలలో, నేను ఈ కారు అమ్మదలుచుకుంటే బ్యాటరీ లెక్క మూసేయడానికి ఎంత కట్టాలి? ఉప్పల్ ఉద్యోగి అప్పటికి 2.52 లక్షల అద్దె కట్టి ఉంటాడు. కొన్నవాడు అదే సమయానికి నాలుగేళ్ల వాయిదాలు, అంటే దాదాపు మూడున్నర లక్షలు కట్టి, ఇంకో 83,000 కట్టేస్తే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ తీసుకుని కారును బ్యాటరీతో సహా అమ్ముకోగలడు. అద్దెదారుకు ఫైనాన్స్ కంపెనీ చెప్పే ముగింపు మొత్తం లక్ష లోపు ఉంటే అద్దె బాగా గెలిచినట్టు. రెండు లక్షలు దాటితే కారు అమ్మినప్పుడు ఆ డబ్బు మీ చేతిలోంచే పోతుంది, నెలకు మిగిలిందనుకున్న రెండు వేలన్నీ అందులో కొట్టుకుపోతాయి. ఆ ఒక్క అంకెను సేల్స్‌మన్ నోటి మాటగా కాకుండా, ఫైనాన్స్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఏ నెలకు ఎంతో పట్టికగా అడగండి. అప్పు ఇచ్చే ఏ కంపెనీకైనా అలాంటి పట్టిక తయారుచేయడం అయిదు నిమిషాల పని. ఇవ్వడానికి నసిగితే, అడ్వాన్సు కట్టకుండా లేచి రావచ్చు.